a√t + bN మోడల్‌తో చాలాకాలం పనిచేశాక: పాడైన బోర్డు చేసిన మేలు

ఈ మోడల్ అంటే నాకు ఇష్టం. విశాఖలో మా ల్యాబ్‌లో లిథియం అయాన్ సెల్స్ ఏజింగ్ పరీక్షలు చేస్తూ, ఫిట్ చేయాల్సిన ప్రతిసారీ మొదట దీని దగ్గరికే వెళ్తాను. కెపాసిటీ నష్టంలో ఒక భాగం కాలం వర్గమూలంతో, ఇంకో భాగం సైకిళ్ల సంఖ్యతో పెరుగుతుందంటుంది. మొదటి దానికి భౌతిక కారణం కూడా ఉంది. గ్రాఫైట్ ఆనోడ్ మీద ఎలక్ట్రోలైట్ విడిపోయి ఏర్పడే ఎస్‌ఈఐ పొర మందమయ్యేకొద్దీ దాన్ని దాటి వెళ్లడం కష్టమవుతుంది, అందుకే పెరుగుదల నెమ్మదిస్తుంది. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే కాబట్టి అక్కడ ఆగను. నేను రాయాలనుకున్నది దీనిలో ఉన్న ఒకే ఒక్క చిక్కు గురించి. ఆ చిక్కు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది.

సైక్లర్ రోజూ ఒకే లెక్కన నడుస్తుంది. మా ప్రోగ్రామ్‌లో రోజుకు నాలుగు సైకిళ్లు. అంటే N = 4t. కాలం, సైకిళ్లు రెండూ ఒకే తాడుకు కట్టినట్టు కలిసి నడుస్తాయి. అప్పుడు ఫిట్‌కి మిగిలేది √tకీ tకీ మధ్య ఉన్న వంపు తేడా మాత్రమే. ఆ వంపు చాలా కొద్దిది. కొలతలో ఉండే చిన్న చిన్న ఒడిదుడుకులు దాన్ని మింగేస్తాయి.

ఒక బ్యాచ్ సంగతి చెబుతాను. అంకెలు సులువుగా చూసుకోవడానికి గుండ్రం చేశాను. 45 డిగ్రీల చాంబర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు సెల్స్‌ని వంద రోజుల డేటాతో విడివిడిగా ఫిట్ చేస్తే ఇలా వచ్చింది. మొదటి సెల్‌కి a = 0.30, b = 0.005. రెండోదానికి a = 0.20, b = 0.0075. నష్టం శాతాల్లో, t రోజుల్లో. ఒకే బ్యాచ్, ఒకే పరీక్ష, ఒకే చాంబర్. వందో రోజున రెండు సమీకరణాలూ సరిగ్గా 5 శాతం నష్టం చూపిస్తాయి. మధ్యలో ఎక్కడ చూసినా వాటి మధ్య ఎడం పావు శాతం దాటదు. కెపాసిటీ కొలిచే చెకప్ రోజున చాంబర్ ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా, హోల్డర్ పిన్ మీద తుప్పు పట్టినా అంత తేడా వస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆ పిన్నులు తుడవడం మాకు నిత్యపూజ లాంటిది.

రెండు ఫిట్‌లకీ R² 0.99 పైనే ఉంది. అది చూసి ఇదివరకు మోడల్‌ని చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. ఇప్పటికీ మెచ్చుకుంటాను, కాకపోతే R² పేరు చెప్పి కాదు. ఒకే దిశగా పెరిగే వంపు ఏదైనా సరే, రెండు పారామీటర్లు ఇస్తే 0.99 రావడం పెద్ద విషయమేం కాదు. చూడాల్సింది aకీ bకీ మధ్య కోరిలేషన్. దానికి ఐదు లైన్లు చాలు:

```python
import numpy as np
from scipy.optimize import curve_fit
f = lambda X, a, b: a*np.sqrt(X[0]) + b*X[1]
p, C = curve_fit(f, (t, N), loss)
r = C[0,1] / np.sqrt(C[0,0]*C[1,1])
```

ఆపకుండా సైకిల్ చేసిన సెల్‌లో, చెకప్‌లు సమాన దూరంలో ఉంటే, r −0.98 దగ్గర వస్తుంది. అది డేటా బాగుండడం, బాగుండకపోవడం మీద ఆధారపడింది కాదు. √t, t అనే రెండు నిలువు వరుసల ఆకారమే అంత. అంటే a కొంచెం తగ్గితే b ఆ మేరకు పెరిగి లోటు పూడ్చేస్తుంది, ఫిట్‌కి ఏమీ తెలియదు.

దీనివల్ల నష్టమేంటని మా ల్యాబ్‌లో జూనియర్ అడిగాడు. ప్రాజెక్టుకి కావాల్సింది రోజుకు ఒక సైకిల్ వాడకంలో 20 శాతం నష్టం ఎప్పుడొస్తుందన్నది. రెండు సెట్లతోనూ లెక్క వేసి చూపించాడు.

“అన్నా, రెండూ 1600 రోజులే అంటున్నాయి కదా, ఇంకెందుకు టెన్షన్?”

నిజమే, రెండూ 1600 అనే అంటాయి. మొదటి సెట్‌లో 12 శాతం కాలానిది, 8 శాతం సైకిళ్లది. రెండో సెట్‌లో సరిగ్గా తిరగబడి 8, 12. మొత్తం 20 అయ్యింది కాబట్టి తగువు కనబడలేదు. అదే బ్యాటరీని కరెంటు పోయినప్పుడు మాత్రమే పనికొచ్చే బ్యాకప్‌గా, దాదాపు సైకిళ్లే లేకుండా, అదే 45 డిగ్రీల్లో 900 రోజులు ఉంచితే? మొదటి సెట్ 9 శాతం నష్టం అంటుంది, రెండోది 6 శాతం. అటువైపు, పరీక్షలో లాగే రోజుకు నాలుగు సైకిళ్లు చేస్తూ 20 శాతానికి వెళ్తే మొదటిది 625 రోజులు, రెండోది 515. వాడకం మారిన ప్రతిచోటా సమాధానం మారుతుంది. రెండు సమాధానాలు ఒక్క బిందువులో కలిశాయని ధైర్యపడితే, రిపోర్టు చదివేవాళ్లు ఆ a, bలను ఇంకో వాడకానికి పట్టుకుపోతారు. నా కోపం అక్కడే.

ఇక అనుకోని మేలు సంగతి. ఆ బ్యాచ్ పరీక్ష మొదట్లోనే సైక్లర్‌లో ఒక చానల్ బోర్డు పోయింది. సగం సెల్స్ దాని మీదే ఉన్నాయి. బోర్డు రిపేరుకి వెళ్లి ఎప్పటికో తిరిగొచ్చింది. ఇన్నాళ్లు ఎందుకు పట్టిందని అడిగితే కంపెనీవాళ్లు తిన్నగా జవాబు చెప్పలేదు. చాంబర్ మాత్రం ఆగలేదు. ఆ సెల్స్ 45 డిగ్రీల్లోనే, చార్జ్ ఉన్నచోటే ఉండి, ఊరికే కాలం గడిపాయి. బోర్డు వచ్చాక మిగతావాటితో పాటు చెకప్ చేసి మళ్లీ నడిపించాం. ఆ డేటా గ్రాఫ్‌లో మెట్టు పడినట్టు ఉండడంతో పాడైందని పక్కన పెట్టాం.

రెండు ఫిట్‌ల తగువు బయటపడ్డాక ఆ పక్కన పెట్టిన ఫైలే తెరిచాం. అది ఈ మొత్తం పరీక్షలో అన్నిటికంటే విలువైన డేటా అని అప్పుడు తెలిసింది. చూడండి. బోర్డు 25వ రోజున ఆగింది, 64వ రోజు చెకప్‌కి వచ్చింది. ఆగిన సెల్స్‌కి t = 64, కానీ N = 100 దగ్గరే ఉండిపోయింది. నడిచిన సెల్స్‌కి t = 64, N = 256. రెండు గుంపులకీ కాలం ఒకటే, చాంబర్ ఒకటే. కాబట్టి రెంటి మధ్య తేడా తీస్తే a√t మొత్తం కొట్టుకుపోతుంది. మిగిలేది b × 156 మాత్రమే.

నడిచిన గుంపు సగటు నష్టం 3.68 శాతం, ఆగిన గుంపుది 2.90. తేడా 0.78. దాన్ని 156తో భాగిస్తే 0.005. రెండో సెట్ నిజమైతే తేడా 1.17 రావాలి. గుంపు సగటులో మా కొలత పొరపాటు 0.1 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి 0.78నీ 1.17నీ విడదీయడం కష్టం కాదు. ఇప్పుడు a కూడా ఫిట్ లేకుండానే చేతికొస్తుంది. ఆగిన గుంపు 2.90లో సైకిళ్ల వాటా 0.50 తీసేస్తే 2.40, దాన్ని √64 అంటే 8తో భాగిస్తే 0.30. వంద రోజుల నిరంతర డేటా తేల్చలేని తగువుని, సైకిళ్లు ఆగిన ఆ కాస్త కాలం కూడికలు తీసివేతలతో తేల్చేసింది. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అయితే ఆ సంతోషానికి ఒక షరతు ఉంది. ఆగిన సెల్స్‌ని అన్నిటినీ కళ్లు మూసుకుని సగటు తీయలేదు. బోర్డు పోయిన క్షణంలో ఏ సెల్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోయింది. చాలావరకు సగం చార్జ్ దగ్గరున్నాయి. ఒకటి మాత్రం దాదాపు ఖాళీ అయ్యాక ఆగింది. దాని తర్వాతి చెకప్‌లో కెపాసిటీ తగ్గకపోగా కొంచెం పెరిగింది. కారణం, సెల్‌లో ఆనోడ్ అంచులు కాథోడ్‌ని దాటి కాస్త బయటికి ఉంటాయి. సైకిల్ చేస్తున్నంతకాలం ఆ అంచుల్లోకి నెమ్మదిగా లిథియం చేరుతుంది. సెల్‌ని ఖాళీగా ఎక్కువ రోజులు వదిలేస్తే ఆ లిథియం మళ్లీ లోపలికి వస్తుంది. ఏజింగ్ వెనక్కి తిరగలేదు, దాక్కున్న లిథియం తిరిగొచ్చిందంతే. నిండుగా చార్జ్ చేసి వదిలితే దీనికి వ్యతిరేకంగా, పాడవకుండానే నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. a√tకి తగ్గడం అంటే తెలియదు కాబట్టి ఆ సెల్‌ని లెక్కలోంచి తీసేశాం. మీరు కావాలనే సెల్స్‌ని ఆపదలచుకుంటే, సైకిల్ చేసే పరిధికి సగటు చార్జ్ దగ్గరే ఆపండి. తిరిగి మొదలుపెట్టాక ఒక్క చెకప్ చూసి నమ్మకుండా, కొన్ని సైకిళ్ల తర్వాత ఇంకోసారి కొలవండి. రెండు కొలతలు తేడాగా వస్తే అంచుల ప్రభావం ఇంకా సర్దుకోలేదని అర్థం.

ఘాతాన్ని కూడా ఫిట్‌కే వదిలేద్దామా అని మా మేడం అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే అందరికీ సగమే రాలేదు. జర్మనీలో ఆహెన్ బృందం 2014లో ఎన్‌ఎంసీ 18650 సెల్స్‌కి కాలం మీద 0.75 ఘాతం వాడి, వర్గమూలాన్ని సైకిళ్ల వైపు, అంటే దాటిన చార్జ్ మీద పెట్టింది. కానీ నిరంతరం నడిచిన సెల్స్ మాత్రమే ఉన్నప్పుడు మూడో పారామీటర్ కలిపితే a, b తగువులోకి ఇంకొకరు వచ్చి చేరతారు. ఘాతం కదిలినకొద్దీ ఆ రెండూ కదులుతాయి. నేనైతే ముందు సైకిళ్లు లేని సెల్స్‌ని ఒంటరిగా తీసుకుని, log–log గ్రాఫ్‌లో వాటి వాలు చూసుకుంటాను. అది 0.5 దగ్గర ఉంటేనే √t. పై లెక్కలో a విలువ కూడా ఆ నమ్మకం మీదే నిలబడింది. bకి మాత్రం ఘాతంతో పనిలేదు, తీసివేతలో కాలం పదం ఏదైనా కొట్టుకుపోతుంది. సైకిల్ వల్ల పొర పగిలి కొత్తగా పెరగడం లాంటి కలయికలు ఉంటే మాత్రం ఆ తీసివేత కూడా పూర్తి నిజం చెప్పదు. మా సెల్స్‌లో కరెంటు తక్కువ, పొరపాటు అంచులోపలే ఆ ప్రభావం ఉందనుకుంటున్నాను.

కాబట్టి నా అభిప్రాయం నా పరిస్థితులకే. మాది ఒకే ఉష్ణోగ్రత, మితమైన కరెంటు, నష్టం 20 శాతం లోపు. అక్కడ ఈ మోడల్‌కి మించినది నాకు అక్కర్లేదు. ఫాస్ట్ చార్జింగ్ పరీక్షలు చేసేవాళ్లకి, కెపాసిటీ ఒక్కసారిగా జారిపోయే మలుపు దగ్గర పనిచేసేవాళ్లకి దీన్ని సిఫార్సు చేయను. √tలో గానీ Nలో గానీ ఆ మలుపు రావడానికి చోటే లేదు. చానళ్లు తక్కువున్న ల్యాబ్‌లకి మాత్రం ఒక మాట. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో మూడో వంతు సెల్స్‌ని మొదటి నెలలోనే ప్రోగ్రామ్ ప్రకారం ఆపుతున్నాం. ఆపినంతకాలం ఆ చానళ్లు ఖాళీ కాబట్టి వాటి మీద వేరే పని నడుస్తుంది. మొదటి నెలలోనే ఎందుకంటే, √t అప్పుడే నిటారుగా ఉంటుంది. వంద రోజులు దాటాక 44 రోజులు ఆపినా a = 0.30కి నష్టం 0.6 శాతమే పెరుగుతుంది, a = 0.20కి 0.4. ఆ 0.2 తేడా కోసం అన్ని రోజులు చాంబర్ ఖర్చు పెట్టడం దండగ.