టెన్నిస్ టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్ వీడియో కోర్సులు కొనేవారికి హెచ్చరిక

బంతి తగిలే క్షణంలో మణికట్టును దాని మీదుగా తిప్పితే టాప్‌స్పిన్ వస్తుందని నేర్పే కోర్సుకు దయచేసి డబ్బు కట్టకండి. నేను కొన్న కోర్సు సారాంశం అదే. దానిని సాధన చేశాక నా బంతులు నెట్‌లోకో, బేస్‌లైన్ దాటి అవతలికో పోయేవి. మణికట్టుకు చిటికెనవేలి వైపున నొప్పి మొదలైంది. డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే, ఇంకా సాధన చేయమన్న సమాధానమే వచ్చింది.

అసలు లోపం గ్రిప్ దగ్గరే ఉంది. రాకెట్ ముఖం నేలకు నిలువుగా ఉండేలా పట్టుకున్నప్పుడు పిడి పైపలకను 1గా తీసుకుని, కుడిచేతి ఆటగాళ్లు కుడివైపుగా లెక్కిస్తే ఎనిమిది పలకలు వస్తాయి. చూపుడువేలి మొదలులోని కణుపును 2వ పలకపై ఉంచమని ఆ కోర్సు చెబుతుంది. అది సర్వీసుకు, వాలీకి సరిపోయే పట్టు. ఆ పట్టుతో బంతిని శరీరానికి ముందు అందుకుంటే రాకెట్ ముఖం ఆకాశం వైపు తెరుచుకుంటుంది కనుక, దాన్ని మూయడానికి మణికట్టును తిప్పక తప్పదు. అంటే ఆ చిట్కా అవసరాన్ని వాళ్లు చెప్పిన గ్రిప్పే సృష్టిస్తోంది! అదే కణుపును 4వ పలకకు, అంటే సెమీ వెస్టర్న్ గ్రిప్‌కు మార్చితే, నడుము ఎత్తులో ముఖం దానంతట అదే దాదాపు నిలువుగా నిలుస్తుంది.

ఇక స్పిన్ పుట్టేది స్వింగ్ దారిలోనే. రాకెట్ తల బంతికంటే కిందికి దిగి, ముందుకూ పైకీ లేస్తూ నిలువు ముఖంతో తగిలినప్పుడు తీగలు బంతి వెనుక భాగాన్ని పైకి రాస్తాయి. బంతి తీగలపై ఉండేది సుమారు 4 నుంచి 5 మిల్లీసెకన్లే. అంత తక్కువ సమయంలో బంతి మీదుగా మణికట్టును చుట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ముందే తిప్పడం మొదలుపెడితే ముఖం కోణం ప్రతి క్షణం మారిపోతుంటుంది, అందుకే ఒక బంతి నెట్‌కు, మరొకటి ఆకాశానికి పోతుంది.

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పక్కనుంచి తీసి చూడండి. ఆ వేగంలో బంతి తగిలే ఘట్టం ఒకటి రెండు ఫ్రేముల్లోనే కనిపిస్తుంది. మంచి ఫోర్‌హ్యాండ్‌లో అక్కడ మణికట్టు ఇంకా వెనక్కి వంగే ఉంటుంది, బిగుసుకుపోయి మాత్రం ఉండదు. ముంజేయి తిరిగి రాకెట్ అద్దం తుడిచినట్టు పక్కకు వెళ్లేది చాలావరకు బంతి వెళ్లిపోయాకే. ఆ ముగింపును చూపించి, దాన్నే స్పిన్‌కు కారణంగా అమ్ముతున్నారు.

కాబట్టి కొనే ముందు ఉచిత నమూనా వీడియోను బంతి తగిలే ఫ్రేమ్ వద్ద ఆపండి. నేర్పేవారి మణికట్టు అక్కడ వెనక్కి వంగి ఉండి, నోటితో మాత్రం తిప్పమంటుంటే, ఆ కోర్సును వదిలేయండి. ఇప్పటికే కొని సాధన చేస్తూ చిటికెనవేలి వైపు నొప్పి వస్తున్నవారు ఆ డ్రిల్‌ను ఈరోజే ఆపి, నొప్పి తగ్గకపోతే వైద్యులకు చూపించుకోండి.