థీసిస్ ప్లానర్ కొనేముందు ఆ శాతం గడి నొక్కి చూడండి

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఎక్సెల్ థీసిస్ ప్లానర్ తిరుగుతోంది. 1,499 రూపాయలు పెట్టి నేనూ కొన్నాను. రంగులు చూసి పడిపోయాను, ఒప్పుకుంటున్నా.

నాది ప్రభుత్వ బడుల్లో 240 మంది పిల్లల సర్వే. ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 30 దాకా డేటా సేకరణ అని నింపుకున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి మూడు వారాలు ఆలస్యమై ఆగస్టు 22న వచ్చింది. ఆ తేదీ మారిస్తే కింది వరస కదలనే లేదు. తేదీలన్నీ విడివిడిగా కొట్టినవే, ఒకదానికొకటి ముడి లేదు.

అసలు దెబ్బ సెప్టెంబరు 15న గైడ్ సార్‌తో మీటింగులో తగిలింది. షీటు పచ్చగా 75% అంటోంది. సార్ ఒకటే అడిగారు: "ఎన్ని ఫారాలు నిండాయమ్మా?" 84. అంటే 35%. బయటికొచ్చి గడి నొక్కితే ఇది కనిపించింది:

```
=MIN(1,(TODAY()-B5)/(C5-B5))
```

ఇది గడిచిన రోజుల లెక్క, అయిన పని లెక్క కాదు. నేను ఇంట్లో పడుకున్నా సెప్టెంబరు 30కి 100% చూపిస్తుంది! సార్ మీటింగులోనే కాగితం మీద లెక్కేశారు. 24 రోజుల్లో 84 అంటే రోజుకు మూడున్నర, మిగిలిన 156కి ఇంకో 45 రోజులు. అక్టోబరు నెలాఖరు, మధ్యలో దసరా సెలవులు వేరే.

బఫర్ కూడా పేరుకే. తొమ్మిది పనులకు తలా రెండు రోజులు చల్లారు. మూడు వారాల ఆలస్యానికి రెండు రోజులు ఏ మూలకి? ఆ 18 రోజుల్నీ డేటా సేకరణ వెనకాల ఒక్కచోట పెట్టి ఉంటే కాస్త ఆదుకునేవి. ఇక మీటింగుల సంగతి: డ్రాఫ్టు ఇచ్చే రోజే రివ్యూ అని ఉంది. మా సార్‌కి ఒక అధ్యాయం చదవడానికే రెండు వారాలు పడుతుంది.

ఇప్పుడు సొంత షీటు వాడుతున్నాను. శాతం గడిలో నిండిన ఫారాల్ని 240తో భాగిస్తున్నాను. మొదలయ్యే తేదీకి ఇది:

```
=WORKDAY(C4,1,$H$2:$H$20)
```

C4లో అనుమతి వచ్చిన తేదీ, H వరసలో బడి సెలవులూ పరీక్షల రోజులూ. ఇది శని, ఆదివారాల్ని ఎలాగూ వదిలేస్తుంది.

అమ్మినాయన్ని డబ్బు అడిగితే "డిజిటల్ ఫైలు మేడమ్, వాపసు ఉండదు" అన్నాడు. కొనే ఆలోచన ఉంటే ముందు నమూనా ఫైలు అడగండి. ఒక తేదీ మార్చి కిందివి కదులుతున్నాయో లేదో చూడండి. నమూనా ఇవ్వనంటే అక్కడితో వదిలేయండి.