లార్జ్ ప్రింట్ అని డీటీపీ షాపుల ఇస్తున్నరా, అయితే డబ్బులు మాట్లాడుకునే ముందు ఇది చదవండి

నల్గొండల ఒక డీటీపీ షాపుల మాకు అయిన నష్టం గురించి చెప్తున్న, మీలో ఎవరన్నా పెద్దోళ్ల కోసం పుస్తకం పెద్ద అక్షరాలల్ల చేయించుకునేటోళ్లు ఉంటే పనికొస్తది. షాపు పేరు రాస్తలేను.

మా ఊరి భజన మండలి కీర్తనల పుస్తకం ఉంది, చిన్న సైజు అంటే ఏ5, 64 పేజీలు, అక్షరం 11 పాయింట్లు. మా బాపుతో పాటు పాడేటోళ్లంత అరవై డెబ్బై దాటినోళ్లు, కింద కూసుని పుస్తకం ముంగట పెట్టుకుని తాళాలు కొట్టుకుంట సదువుతరు, అంటే చేతిల పట్టుకుని సదివే దానికన్నా దూరం ఎక్కువ. అందుకే 18 పాయింట్లల్ల ఏ4 మీద 30 కాపీలు కావాలని అడిగిన. ఆయన పాత పుస్తకం తిరగేసి 64 పేజీల లెక్కన రేటు చెప్పిండు, నేను సరే అని 2000 అడ్వాన్స్ ఇచ్చిన. తప్పంత అక్కడ్నే జరిగింది, అది నాకు తర్వాత అర్థమైంది.

మొదటిసారి ఏం చేసిండంటే పాత పేజీనే జిరాక్స్ మెషిన్ల 141 శాతం పెంచిండు, ఏ5 ని ఏ4 చేస్తే అంతే వస్తది. 11 పాయింట్ల అక్షరం పదిహేనున్నర అయింది, 18 కాలేదు. దాంతోపాటు పాత ప్రింటుల ఉన్న మసక, ఇంకు మరకలు, పక్కన ఖాళీ మార్జిన్ కూడా పెద్దగయినయి. ఇది లార్జ్ ప్రింట్ కాదు, మళ్లీ టైప్ చేసి సెట్ చేయాలె అని చెప్పి వచ్చిన.

రెండోసారి టైప్ చేసిండు, అక్షరం నిజంగనే 18. "అన్నా, మీరడిగిన సైజే పెట్టిన" అన్నడు. ఇంటికి తెచ్చి బాపుకిస్తే రెండు లైన్లు సదివి పక్కకు పెట్టిండు. చూస్తే పై లైన్ల వత్తులు కింది లైన్ తలకట్ల మీద పడుతున్నయి, కొన్ని చోట్ల గుడి పైభాగం తెగిపోయింది. "హరి" అనేది "హర" లెక్క కనపడుతుంది, భజనల ఆ రెండు ఒకటి కాదు కదా, పాట విష్ణువుది శివునిది అయిపోతది. ఫైల్ అడిగి తెచ్చుకుని వర్డ్‌ల చూసిన, పేరాగ్రాఫ్ సెట్టింగుల లైన్ స్పేసింగ్ `Exactly` అని పెట్టి 20 ఇచ్చిండు. ఇంగ్లీష్ అక్షరాలకు ఆ 20 ఎట్లనో సరిపోతదేమో, మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు ఉంటది, 18 అక్షరానికి 20 జాగ ఏం సాలుతది.

ఎందుకట్ల చేసిండంటే రేటు 64 పేజీలకు ఒప్పుకున్నడు గదా. లెక్క చూడండి, అక్షరం 11 నుంచి 18 అయితే నిలువు అడ్డం రెండు దిక్కుల పెరుగుతది, అంటే జాగ రెండున్నర రెట్ల కన్నా ఎక్కువ కావాలె. కాగితం మాత్రం రెండింతలే అయింది. లైన్ల మధ్య ఖాళీ పెంచకున్నా 86 పేజీలకు తక్కువ కాదు. ఆయన వాటిని 64ల ఇరికించనీకె లైన్లు నొక్కిండు, మార్జిన్ కోసిండు. కీర్తన సగం ఈ పేజీల, సగం ఎనకాల. ఇంకోటి, విషయసూచికల పేజీ నంబర్లు పాతయే ఉంచిండు, ఒక్కటి కలవలే.

చివరికి మా అక్క కొడుకు ఇంట్లనే సరిచేసిండు. ఫాంట్ `Noto Sans Telugu`, గీత అంతటా దాదాపు ఒకే మందం ఉంటది. లైన్ స్పేసింగ్ `Multiple` పెట్టి వత్తుకు గుడికి మధ్య తెల్లజాగ కనపడేదాక పెంచిండు. ఎడమ దిక్కు మాత్రమే సమానం, రెండు దిక్కుల సాగదీస్తే మాటల నడుమ పెద్ద పెద్ద సందులు వస్తయి. ప్రతి కీర్తన కొత్త పేజీల మొదలు, సూచిక మళ్లీ రాసుడు. మొత్తం 104 పేజీలు అయినయి. మెరిసే పేపర్ వద్దన్నం, గుడిల ట్యూబులైట్ కింద అక్షరం మీద వెలుగు పడుతది. స్పైరల్ బైండింగ్ చేయించినం, నేల మీద పరిస్తే మూసుకపోదు.

మీరు ఇచ్చేటప్పుడు ముందు రెండు పేజీలే చేయించుకోండి, అందుల "లక్ష్మీ", "శ్రీ", "జ్ఞానం", "స్త్రీ" లాంటి మాటలున్న కీర్తన ఇయ్యండి, స్క్రీన్ మీద కాదు కాగితం మీద ప్రింట్ తీయించండి. దాన్ని సదివే పెద్దమనిషి ముందల ఆయన కూసునే కాడనే, ఆయన అద్దాలతోనే, రాత్రి లైట్ల పెట్టి సదివించండి. పాయింట్ల నంబర్ ఒక్కటే నమ్మొద్దు, ఒక ఫాంట్‌ల 18 ఇంకో ఫాంట్‌ల 15 అంత కనపడుతది. అది ఓకే అయినంక మొత్తం ఎన్ని పేజీలైతయో లెక్క తీసి అప్పుడు రేటు మాట్లాడండి.

నా 2000 ఇంకా రాలే. ఆయన రెండోసారి కొట్టిన 30 కాపీలు షాపులనే ఉన్నయి, నేను తీసుకపోనని చెప్పిన.