బరంపురంలో ‘ఐసోలేటెడ్’ అని అంటగట్టారు: మోటార్ డ్రైవర్ కొనేవాళ్లు జాగ్రత్త

పర్లాకిమిడి దగ్గర మా చిన్నాన్నకి కోళ్ల షెడ్డు ఉంది. ఎండకి పరదాలు దించడం, వాన జల్లు కొడితే ఎత్తడం పెద్ద పని. రెండు పన్నెండు వోల్టుల గేర్ మోటార్లు, ESP32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డు పెట్టి ఫోన్‌లో నడిపిద్దామని బరంపురం వెళ్లాను. షాపతను మోటార్ల మీద 0.8 ఆంపియర్లు అని చూసి, ESP32 సిగ్నల్‌ని బట్టి మోటార్లకి కరెంటిచ్చే రెండు ఆంపియర్ల L298N డ్రైవర్ బోర్డు, రెండు ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చాడు. ESP32కి కరెంటు ఆ డ్రైవర్ మీదున్న 5 వోల్టుల పిన్ నుంచే తీసుకోమన్నాడు.

షెడ్డులో బిగించి బటన్ నొక్కితే పరదా అంగుళం లేచి ఆగిపోయింది. మళ్లీ అంగుళం, మళ్లీ ఆగింది. లాప్‌టాప్ తగిలిస్తే తెర మీద `Brownout detector was triggered` అని వరసగా పడుతోంది. మోటార్ కదలగానే చిప్‌కి వోల్టేజీ చాలక రీసెట్ అయిపోతోందన్నమాట.

షాపతనికి ఫోన్ చేస్తే ప్రోగ్రాంలో ఈ లైను పెట్టుకోమన్నాడు:

```
WRITE_PERI_REG(RTC_CNTL_BROWN_OUT_REG, 0);
```

దయచేసి ఎవరూ పెట్టకండి. ఇది కాపలా కుక్క నోరు కట్టేయడమే. మెసేజ్ పోయింది కానీ చిప్ మధ్యలో బిగుసుకుపోయింది, మోటార్ మాత్రం తిరుగుతూనే ఉంది. పరదా తాడు తెగింది.

రెండోసారి వెళ్తే ‘ఐసోలేటెడ్ పవర్ బోర్డు’ అని, అంటే లోపలికొచ్చే తీగలకీ బయటికెళ్లే తీగలకీ నేరుగా సంబంధం లేనిదని, ఇంకోటి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే దాని మీద LM2596 అని ఉంది. అది మామూలు బక్ బోర్డు, పన్నెండుని అయిదు చేస్తుంది, అంతే. కరెంటు ఇవ్వకుండా మల్టీమీటర్ బజర్ మీద పెట్టి, ఒక పుల్ల IN−కి, ఇంకోటి OUT−కి ఆనించండి. కుయ్ మందంటే రెండు మైనస్‌లూ ఒకటే, ఐసోలేషన్ లేనట్టే. మీరూ కౌంటర్ దగ్గరే ఇలా చూసి డబ్బులివ్వండి.

అసలు నిజమైన ఐసోలేటెడ్ బోర్డే ఇచ్చినా నాకు పని జరిగేది కాదు. అదీ ఆ అడాప్టర్ నుంచే తీసుకోవాలి కదా, అడాప్టర్ వోల్టేజీ కుంగితే అదీ కుంగుతుంది. మోటార్లు ఎంత కరెంటు లాగుతున్నాయో అప్పుడు లెక్కేశాను. మోటార్ తీగలు విప్పి, ఇరుసు చేత్తో కొంచెం కొంచెం తిప్పి, ఆపిన ప్రతిసారీ ఓమ్‌లు కొలిస్తే అన్నిటికన్నా తక్కువ రీడింగ్ 2.6 వచ్చింది. కదలని మోటార్ ఒట్టి రాగి తీగతో సమానం. 12 ÷ 2.6 అంటే మొదలయ్యే క్షణంలో 4.6 ఆంపియర్లు, రెండింటికీ తొమ్మిది దాటుతుంది. మీద రాసిన 0.8 నడుస్తున్నప్పటి సంగతి. రెండు ఆంపియర్ల అడాప్టర్ అక్కడే చతికిలబడుతుంది. L298N మీదున్న రెగ్యులేటర్‌కి సుమారు ఏడు వోల్టులైనా అందకపోతే అయిదు ఇవ్వలేదు. పైగా L298N అనే ఆ పాత చిప్ ఒక ఆంపియర్‌కే దాదాపు రెండు వోల్టులు తనే మింగి వేడెక్కుతుంది.

అంచేత డ్రైవర్ కొనేటప్పుడు లేబుల్ కాదు, ఈ మొదటి కరెంటు చూడాలి. నేను మోటార్‌కొకటి చొప్పున BTS7960 బోర్డులు వేశాను. 43 ఆంపియర్లు అని అమ్ముతారు, ఆ చిన్న హీట్‌సింక్‌తో అంత ఆగకుండా మోస్తుందని నమ్మకండి. నా అయిదుకి మాత్రం చల్లగా ఉంది. మోటార్లకి పన్నెండు వోల్టుల యూపీఎస్ బ్యాటరీ, ESP32కి విడిగా ఫోన్ ఛార్జర్. ఛార్జర్ లోపలి ట్రాన్స్‌ఫార్మరే అసలైన ఐసోలేషన్, దానికి వేరే బోర్డు కొననక్కర్లేదు. కరెంటు పోతే ఎలాగూ చిన్నాన్న చేత్తోనే తిప్పుతాడు.

ఇంతా చేశాక కూడా రోజుకి ఒకట్రెండుసార్లు రీసెట్ అయింది. తప్పు నాదే. డ్రైవర్ మైనస్‌ని ESP32 గ్రౌండ్ మీదుగా సన్నతీగతో బ్యాటరీకి తిప్పాను, మోటార్ కరెంటంతా చిప్ కాళ్ల కింద నుంచి పోతోంది. గ్రౌండ్ కలపకపోతే ఈ డ్రైవర్‌కి సిగ్నల్ అర్థం కాదు, కలపాల్సిందే, కానీ ఒక్కచోటే. ఇంటి వైరింగ్‌కి వాడే లావు తీగ డ్రైవర్ నుంచి నేరుగా బ్యాటరీకి వేసి, ESP32 నుంచి ఒక సన్నతీగ మాత్రం డ్రైవర్ గ్రౌండ్‌కి తెచ్చాను. ఒక మోటార్ మొదలైన రెండు సెకన్లకి రెండోది మొదలయ్యేలా ప్రోగ్రాం మార్చాను. అప్పట్నుంచి రీసెట్ లేదు.

మీకూ ఇదే గొడవైతే ఏమీ కొనకముందు ESP32కి పవర్‌బ్యాంక్ తగిలించి, గ్రౌండ్ మాత్రం కలిపి చూడండి. రీసెట్లు ఆగితే సప్లై కుంగుతోంది. ఆగకపోతే గ్రౌండ్ తీగల దారి వెతకండి.

షాపతను ఏదీ వెనక్కి తీసుకోలేదు. ‘లైటు వెలుగుతోంది కద బాబూ, బోర్డు బాగానే ఉంది’ అన్నాడు. L298N ఇప్పుడు మావాడి బొమ్మ కారులో ఉంది, దానికది సరిపోతోంది.