పాత కుంకుమ భరిణ: దంతమా, ఎముకా?

పర్లాకిమిడి ప్రాంతపు తెలుగు ఇళ్లలో తరాలుగా వస్తున్న తెల్లని భరిణ అమ్మకానికి వచ్చినప్పుడు, ముందుగా దాని అడుగును పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో పరిశీలించాలి, ఎందుకంటే అడ్డంగా కోసిన ఆ తలంలోనే పదార్థపు అసలు అల్లిక బయటపడుతుంది. ఏనుగు దంతమైతే రెండు వైపుల నుంచి వంపుగా వచ్చే సన్నని గీతలు ఒకదానినొకటి కోసుకుంటూ వల పన్నినట్లు కనిపిస్తాయి. ఎముకలో ఈ గీతలు ఉండవు, రక్తనాళాలు సాగిన సూక్ష్మరంధ్రాలు మాత్రం మురికి పట్టి నల్లచుక్కలుగానూ, పక్కగోడ మీద పొట్టి గీతలుగానూ కనిపిస్తాయి. గవ్వ, శంఖపు పనితనంలో ఈ రెండూ కాక పొరలు కనిపిస్తాయి. కాల్చిన సూదితో పరీక్షించడం వస్తువును పాడుచేస్తుంది కనుక దానిని నేను గట్టిగా వద్దంటాను.

పశువుల ఎముకతో చేసినదైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అమ్మకానికి అడ్డురాదు. దంతమైతే ఎంత పాతదైనా అమ్మకూడదు. ఆఫ్రికా ఏనుగు దంతానికీ 1991 సవరణతో నిషేధం వర్తించింది. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నా అది దగ్గర ఉంచుకోవడానికే తప్ప అమ్ముకోవడానికి అనుమతి కాదు, వారసులకు మాత్రం అది సంక్రమించవచ్చు. శంఖాలలోనూ కొన్ని జాతులు చట్టపు జాబితాలో ఉన్నందున జాతి తేలనిదే బేరం కుదుర్చుకోకూడదు.