షాట్ల సగటును నమ్ముకుంటే అంతే: పైసీన్‌డిటెక్ట్‌ని చాలాకాలం వాడాక

వంటల ఛానెల్‌కి ఎడిటింగ్ చేస్తాను. ఛానెల్ నడిపే అక్క నోటి నుంచి తరచుగా వచ్చే మాట ఒకటుంది: "తమ్ముడూ, ఇది సాగుతోంది, కట్లు పెంచు." నిజంగా సాగుతోందో, చూసీ చూసీ మనకే విసుగొచ్చిందో తేల్చాలంటే లెక్క కావాలి కదా, అందుకని పైసీన్‌డిటెక్ట్ మొదలుపెట్టాను. ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్ మీద నడుస్తుంది. వీడియో ఇస్తే ఎక్కడెక్కడ కట్ పడిందో పట్టుకుని, ఒక్కో షాట్ ఎన్ని సెకన్లుందో సీఎస్‌వీ ఫైల్‌లో రాసిపెడుతుంది. బటన్లూ అవీ ఏమీ ఉండవు, కమాండ్ టైప్ చేసుకోవాల్సిందే. నేను రోజూ వాడేది ఇది:

```
scenedetect -i pulusu.mp4 -m 0.2s detect-adaptive list-scenes -s
```

ఇందులో `-m 0.2s` ఎందుకంటే, మనం ఏమీ చెప్పకపోతే 0.6 సెకన్ల కంటే చిన్న షాట్లను అది విడిగా లెక్కపెట్టదు. గబగబా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర అని అరసెకను ముక్కలు వేసే చోట అవన్నీ కలిసిపోయి, ఉరుకుతున్న వీడియో కాస్తా నింపాదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. చివరి `-s` మాత్రం సీఎస్‌వీలో మొదట వచ్చే టైమ్‌కోడ్ల వరసను తీసేయడానికి. అది ఉంటే షీట్‌లో కాలమ్స్ పేర్లు రెండో వరసకి పోతాయి.

ఇక కట్లు పట్టే డిటెక్టర్ సంగతి. చాలామంది `detect-content` వాడతారు. అది పక్కపక్క ఫ్రేముల మధ్య రంగు, వెలుగు ఎంత మారాయో కొలిచి, తేడా ఒక గీత దాటితే కట్ అంటుంది (ఆ గీత మామూలుగా 27). మాటల వీడియోలకి ఫర్వాలేదు గానీ వంటింట్లో మాత్రం చుక్కలు చూపిస్తుంది. పోపులో నీళ్లు పోయగానే ఆవిరి లేచి తెరంతా తెల్లబడుతుంది, గరిటె పట్టుకున్న చెయ్యి లెన్స్‌కి అడ్డమొస్తుంది, ప్రతిదాన్నీ కట్ అనేస్తుంది. `detect-adaptive` అయితే ఆ ఫ్రేము తేడాని అటూ ఇటూ ఉన్న ఫ్రేముల సగటుతో పోల్చి చూస్తుంది. కెమెరా ఊగుతుంటే తేడా వరసగా అన్ని ఫ్రేముల్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, ఒక్కసారిగా ఎగిసిన చోటునే పట్టుకుంటుంది.

అయినా గుడ్డిగా నమ్మను. కమాండ్ చివర `save-images` చేరిస్తే షాట్‌కి మూడు బొమ్మలు తీసిపెడుతుంది. ఒక షాట్ చివరి బొమ్మ, తర్వాతి షాట్ మొదటి బొమ్మ ఒకేలా ఉంటే అక్కడో దొంగ కట్ ఉండి ఉండొచ్చు, వీడియోలో ఆ చోటుకెళ్లి చూసుకోవాలి.

ఒక జత గురించి చెప్తాను, ఈ టూల్ మీద నా అభిప్రాయం అక్కడే ఏర్పడింది. చేపల పులుసు వీడియో బాగా ఆడింది, నాటుకోడి పులుసు వీడియో పడుకుంది. ఆడింది అంటే వ్యూస్ కాదు. వ్యూస్‌ని థంబ్‌నెయిల్, టైటిల్, పండగలు లాగేస్తాయి. ఉగాది ముందు పెట్టిన ఉగాది పచ్చడిని ఎలా ఎడిట్ చేసినా జనం చూస్తారు. నేను చూసేది సగటున వీడియోలో ఎంత శాతం చూశారన్నది, అదీ ఇంచుమించు ఒకే నిడివి ఉన్న, ఒకే రకం వంటల మధ్యనే. చేపల పులుసు 52 శాతం, నాటుకోడి 34.

చేపల పులుసుకి టూల్ 106 షాట్లు చెప్పింది. బొమ్మలు చూసి ఆరు దొంగ కట్లు తీసేస్తే 100. నిడివి 500 సెకన్లు, అంటే సగటు షాట్ 5 సెకన్లు. నాటుకోడి 510 సెకన్లు, 102 షాట్లు, అదీ సరిగ్గా 5 సెకన్లే! ఇక్కడితో ఆగిపోతే "పేసింగ్‌లో తేడా ఏం లేదు" అని రిపోర్ట్ రాసేయొచ్చు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. షాట్ల నిడివి ఎప్పుడూ ఒకవైపు ఒరిగి ఉంటుంది, చిన్నవి బోలెడు, పొడుగువి కొన్ని, ఆ కొన్నే సగటుని పైకి లాగేస్తాయి. అందుకే సీఎస్‌వీలో దొంగ కట్ల దగ్గర విడిపోయిన షాట్లను కలిపేసి, మధ్య విలువ కూడా తీయాలి:

```python
import pandas as pd
d = pd.read_csv("pulusu-Scenes.csv")
x = d["Length (seconds)"]
print(x.mean(), x.median(), x.max())
```

మధ్య విలువ చేపల పులుసుది 2.9 సెకన్లు వచ్చింది, నాటుకోడిది 4.7. మొదటిదాంట్లో సగం షాట్లు మూడు సెకన్ల లోపే, కానీ 20 సెకన్లు దాటినవి ఏడున్నాయి. రెండోదాంట్లో అతి పొడుగు షాటే 11 సెకన్లు, మిగతావన్నీ నాలుగు, ఐదు, నాలుగు, ఐదు, ఒకటే దరువు. అంటే సాగుతున్నట్టు అనిపించిన వీడియోలో కట్లు తక్కువేం కాదు, ఎక్కడా మార్పే లేదు.

తర్వాత షాట్ల పట్టీని యూట్యూబ్ స్టూడియోలో, ఏ చోట ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే రిటెన్షన్ గీత పక్కన పెట్టి చూశాను. నాటుకోడిలో జనం ఎక్కువగా జారిపోయింది 40వ సెకను దాటాక, కావాల్సిన పదార్థాలు చూపించే చోట. ఏడు గిన్నెలు, ఏడు షాట్లు, ఒక్కొక్కటీ నాలుగు సెకన్ల పైనే. కట్లు పడుతూనే ఉన్నాయి, జనం పోతూనే ఉన్నారు, ఎందుకంటే ఆ కట్ల వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. చేపల పులుసులో ఉడుకుతున్న పులుసులోకి ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచే 24 సెకన్ల షాట్ దగ్గర గీత దాదాపు చదునుగా ఉంది. అక్క చెప్పినట్టు కట్లు పెంచుదామంటే నేను మొదట ముక్కలు చేసి ఉండేది ఆ షాట్‌నే.

అయితే ఈ పోలికకి ఒక హద్దుంది. యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ ఇచ్చే రిటెన్షన్ డేటా వీడియో మొత్తాన్ని వంద పాయింట్లుగా చేసి ఇస్తుంది. 500 సెకన్ల వీడియోకి ఒక పాయింట్ అంటే ఐదు సెకన్లు. మూడు సెకన్ల షాట్‌ని చూపించి "ఈ కట్ దగ్గరే పోయారు" అనడానికి వీల్లేదు. పదార్థాల భాగం లాంటి అరనిమిషం ముక్కల వరకైతే మాట్లాడొచ్చు. పైగా చేపకీ కోడికీ చూసే జనం వేరు, జత ఒక్కటి చూసి కారణం తేల్చేయకూడదు. ఆ తర్వాత పదార్థాలన్నిటినీ పైనుంచి తీసిన ఒక్క షాట్‌లో ఐదారు సెకన్లలో చూపించేస్తున్నాం, ఆ చోట జారుడు చాలా వీడియోల్లో తగ్గింది, నేను చెప్పగలిగింది అంతవరకే.

పని చేయని చోట్లు కూడా చెప్పాలి. మనిషి కెమెరా ముందు కూర్చుని మాట్లాడుతూ, మధ్యలో తడబాట్లు కోసేసిన వీడియోల్లో ముందూ వెనకా ఫ్రేము ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ కట్లు చాలావరకు దొరకవు. ఎడిటర్ యాభై కోతలు కోసినా ఒకే పొడుగు షాట్‌లా వస్తుంది, అందుకని మాటల వీడియోని వంట వీడియోతో పోల్చొద్దు. ఒక దృశ్యం ఇంకోదాంట్లోకి మెల్లగా కరిగే డిజాల్వ్‌లు ఎక్కువ వాడే వాళ్లకీ ఇబ్బందే. ఫోన్‌లో తీసిన ఫైళ్లలో చాలాసార్లు ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, టైమ్‌కోడ్లు పక్కకి జరగొచ్చు. ముందు ఇలా సరిచేసుకోవాలి:

```
ffmpeg -i phone.mp4 -fps_mode cfr -r 30 fixed.mp4
```

ఇంకో మాట, ప్రాజెక్ట్ ఫైల్ మీ దగ్గరే ఉంటే అసలు ఈ టూల్ అక్కర్లేదు. టైమ్‌లైన్ నుంచి కోతల పట్టీ, అంటే ఈడీఎల్, ఎక్స్‌పోర్ట్ చేస్తే ఎడిటర్ వేసిన కోతలన్నీ, మాటల వీడియోలో దొరకనివి కూడా, ఖచ్చితంగా వస్తాయి. కాకపోతే మామూలుగా ఒక వీడియో ట్రాక్‌వే వస్తాయి, పై ట్రాక్‌లో క్లోజప్పులు పేర్చే అలవాటుంటే అవి తప్పిపోతాయి. నేను పైసీన్‌డిటెక్ట్‌ని ఇప్పుడు ప్రాజెక్ట్ ఫైల్ పోయిన పాత వీడియోలకీ, పక్క ఛానెళ్ల షాట్లు లెక్కపెట్టడానికీ వాడుతున్నా. పక్క ఛానెళ్లవి అయితే వాళ్ల రిటెన్షన్ సంఖ్యలు మనకి రావు, షాట్ల పట్టీ ఒక్కటే చేతికొస్తుంది.