స్పాన్‌లో ఉందా లేదా: వరుసల కుదింపా, సదిశా లబ్ధమా?

u = (1, 2, 3), v = (2, 1, 0) అనుకుందాం. b = (4, 5, 6) వీటి స్పాన్‌లో ఉందా? అంటే b = pu + qv అయ్యే p, q ఉన్నాయా?

సదిశా లబ్ధంతో జవాబు చిటికెలో వస్తుంది. u × v = (−3, 6, −3). దాన్ని −3తో భాగిస్తే స్పాన్ అనేది x − 2y + z = 0 అనే తలం. 4 − 10 + 6 = 0 కాబట్టి b అందులో ఉంది. (4, 5, 7) అయితే 1 వస్తుంది, లేదు. పది సదిశలను పరీక్షించాలన్నా ఇదే సమీకరణం చాలు. కానీ p, q ఎంతో ఇది చెప్పదు, పైగా మూడు నిరూపకాలకే పనికొస్తుంది. అసలు ఉచ్చు వేరే ఉంది: u, v సమాంతరమైతే లబ్ధం శూన్యం, అప్పుడు ప్రతి b కీ తప్పుగా "ఉంది" అనే వస్తుంది.

వరుసల కుదింపుకు ఆ బెడద లేదు. u, v, b లను నిలువు వరుసలుగా రాయాలి (అడ్డంగా రాయడం మామూలుగా జరిగే పొరపాటు):

```
1  2 | 4      1  2 |  4
2  1 | 5  →   0 -3 | -3
3  0 | 6      0  0 |  0
```

రెండో వరుస నుంచి q = 1, మొదటిదాని నుంచి p = 2. (4, 5, 7) కైతే చివరి వరుస `0 0 | 1` అవుతుంది, అంటే 0 = 1, సాధన లేదు. నాలుగైదు నిరూపకాలున్నా పద్ధతి ఇదే. గుణకాలు కావాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.